సోయా చెక్క, ముప్పై వేల తేడా

మా నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు ఎక్కువ కదా, వాటికి మేత తయారుచేసే ఒక మిల్లులో శాప్ పెట్టడానికి వెళ్ళాను. సొంతూరి దగ్గర ప్రాజెక్టని సంబరంగానే వెళ్ళాన్లెండి. మొదటి నెలాఖర్లో అకౌంట్స్ పెద్దాయన పిలిచి, "ఏంది నాయనా ఈ ముప్పై వేలు?" అని ధరల తేడా ఖాతా చూపించారు. "స్టాండర్డ్ కాస్టింగ్‌లో అంతే సార్, GR/IR సున్నా అయింది కదా" అనేసి వచ్చేశా. తప్పు చెప్పాను.

జరిగింది ఇదీ. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు గుండ్రం చేసి, జీఎస్టీ వదిలేస్తున్నా. సోయా చెక్కకి మేము పెట్టిన స్టాండర్డ్ ధర కిలో 30 రూపాయలు. ఆర్డరు 32కి ఇచ్చారు. బిల్లు 33కి వచ్చింది. సరుకు 10 టన్నులు.

```
సరుకు దిగినప్పుడు:
  స్టాకు    డెబిట్   3,00,000
  PRD      డెబిట్     20,000
  GR/IR    క్రెడిట్  3,20,000
బిల్లు ఎక్కించినప్పుడు (MIRO):
  GR/IR    డెబిట్   3,20,000
  PRD      డెబిట్     10,000
  సప్లయరు  క్రెడిట్  3,30,000
```

చూశారా, GR/IR ఆర్డరు ధరకే కొట్టుకుపోతుంది. బిల్లు 33కి వచ్చినా, 43కి వచ్చినా అది సున్నానే. కాబట్టి ఆ సున్నా బిల్లు సరైనదని చెప్పదు. రెండు తేడాలూ ఒకే ఖాతాలో పడ్డాయి, కానీ రెండూ ఒకటి కావు. 20,000 మా స్టాండర్డ్ పాతబడినందుకు. 10,000 మాత్రం ఒప్పుకున్న ధర కంటే సప్లయరు ఎక్కువ వేసినందుకు.

మరి బిల్లు ఎందుకు ఆగలేదు? టాలరెన్స్ కీ PPలో 5 శాతం పెట్టింది నేనే. 32 మీద రూపాయంటే 3 శాతం చిల్లర. పోనీ ఆగినా, ఆగేది చెల్లింపే. PRDలో పద్దు ఎటూ పడిపోతుంది.

మర్నాడు FBL3Nలో ఆ ఖాతా తెరిచి, డాక్యుమెంట్ టైప్ ప్రకారం మొత్తాలు వేశా. WE అంటే సరుకు దిగినప్పటిది, RE అంటే బిల్లుది. RE కింద 10,000 కనబడింది. సప్లయరు క్రెడిట్ నోట్ ఇచ్చాడు. దాన్ని MIROలోనే సబ్సీక్వెంట్ క్రెడిట్‌గా ఎక్కిస్తే PRD 20,000కి దిగింది.

పెద్దాయన అక్కడితో వదల్లేదు. "గోడౌన్లో ఇంకా 4 టన్నులుందే, దాని తేడా ఈ నెల ఖర్చెట్లయింది?" అన్నారు. నిజమే. 1,28,000 పెట్టి కొన్న సరుకు స్టాకులో 1,20,000గా ఉంది. 8,000 లాభంలోంచి పోయింది. మెటీరియల్ లెడ్జర్ యాక్చువల్ కాస్టింగ్ ఉంటే అదే పంచేది. మేము పెట్టలేదు కాబట్టి నెలాఖర్లో చేత్తో పద్దు వేశాం.

ఇప్పుడు ఎవరైనా "GR/IR సున్నా" అంటే, "RE కింద ఎంతుంది?" అని అడుగుతున్నా.