గిర్ని లైసెన్సు, బావ రాసిన మెయిలు

నల్లగొండలోనూ గడియారం సెంటర్ ఉంది, పాలమూరులోనూ ఉంది. మా బామ్మర్ది పిండి గిర్ని ఆ రెంటిలో ఏ గడియారానికి దగ్గరో మీరే అనుకోండి, ఆఫీసు పేరు మాత్రం చెప్పను. తప్పు వాళ్లదో మావాడిదో ఇప్పటికీ తేలలేదు మరి.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున మావాడు వచ్చి కూచున్నాడు. "బావా, పైసలు కట్టి నెలన్నర అయింది. ఇంకా కాగితం రాలే. బ్యాంకోళ్లు ఈ ఏడాది లైసెన్సు తెమ్మంటున్నరు." రసీదు ఉంది కదా అంటే, దాన్ని బ్యాంకులో పక్కకు నెట్టారట. రసీదు పైసలు ముట్టాయని చెబుతుందే గానీ గిర్ని నడపమని చెప్పదు. పోయినేటి లైసెన్సు గడువు చూస్తే మార్చి 31తో అయిపోయింది.

"మెయిల్ పెట్టిన బావా, జవాబు లేదు" అంటూ ఫోన్ చూపించాడు. విషయం దగ్గర ఖాళీ. పంపింది కొడుకు మెయిల్ ఐడీ నుంచి. లోపల ఒకటే ముక్క: "సార్ నా లైసెన్స్ ఏమైంది". ఊళ్లో ఎన్ని వేల దుకాణాలో, అందులో ఈ 'నా' ఎవరిది? నిజాం కాలంలో మా తాత అర్జీ రాయించుకుంటే ముందు పది వరుసలు సలాములే ఉండేవట. మావాడు సలాములతో పాటు పేరూ ఊరూ కూడా ఎగ్గొట్టాడు.

ఇద్దరం కలిసి పాత లైసెన్సు, దరఖాస్తు, రసీదు ముందేసుకుని ఇలా రాశాం. నంబర్లున్న చోట చుక్కలు పెడుతున్నాను.

విషయం: పిండి గిర్ని – ట్రేడ్ లైసెన్సు నం. … – రెన్యూవల్ దరఖాస్తు స్థితి తెలుపుట గురించి

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

పై లైసెన్సు రెన్యూవల్ కొరకు మార్చి 12న ఆన్‌లైన్‌లో దరఖాస్తు (నం. …) చేసి, అదే రోజు ఫీజు చెల్లించాను. రసీదు నం. …, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నం. …. నేటి వరకు రెన్యూవల్ లైసెన్సు అందలేదు.

నా దరఖాస్తు ప్రస్తుతం ఏ దశలో, ఏ సెక్షన్‌లో ఉన్నదో, నా వైపు నుండి ఏమైనా పత్రం గాని ఫీజు గాని తక్కువ ఉన్నదో తెలుపగలరని మనవి. బ్యాంకులో మే 15 లోగా లైసెన్సు నకలు ఇవ్వవలసి ఉన్నది.

పాత లైసెన్సు, రసీదు జతచేశాను.

ఇట్లు, (పేరు, దుకాణం చిరునామా, ఫోన్ నంబరు)

"లైసెన్సు ఎప్పుడిస్తరు అని అడగవేంది?" అన్నాడు. అడిగితే "త్వరలో" అని జవాబొస్తుంది, దాన్ని ఏం చేసుకుంటాం? ఎక్కడ ఆగింది, ఏం తక్కువైంది అంటే ఫైలు తెరవక తప్పదు. "తిరిగి తిరిగి చెప్పులరిగినయ్" అని రాయమన్నాడు, అదీ మానేశాను. పంపిన మెయిలు తారీఖుతో మన దగ్గర ఉంటుంది. ఎవరూ పలకకపోతే దాన్ని జతచేసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వొచ్చు. లేదా 2005 సమాచార హక్కు చట్టం కింద, ఆ దరఖాస్తు మీద ఏం రాశారో నకలు ఇవ్వమని అడగొచ్చు. దానికి మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అంతదాకా పోలేదు. నాలుగో రోజు రెండు వరుసల జవాబొచ్చింది: పోయినేడు దుకాణం 180 చదరపు అడుగులని ఉంది, ఈసారి 310 అని రాశారు, కొలతలు చూడాలి, శానిటేషన్ సెక్షన్‌లో పెండింగ్. అప్పుడు గుర్తొచ్చింది మావాడికి, దీపావళికి పక్క షటర్ కూడా కిరాయికి తీసుకుని గోడ కొట్టించిన సంగతి. మన దగ్గర లైసెన్సు ఫీజు దుకాణం ఎంత పెద్దది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి కడతారు. కొలత మారితే ఫీజు మారుతుంది. పాత ఫీజు కట్టి కొత్త కొలత రాస్తే కాగితం కదలదు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు టేపు పట్టుకుని వచ్చారు. ఒక కొస జవాను పట్టుకున్నాడు, ఇంకో కొస మావాడు. గోధుమ బస్తాలు జరిపి, గిర్ని వెనక నుంచి షటర్ దాకా కొలిస్తే 274 వచ్చింది. తేడా ఫీజు కట్టాక మే 11న లైసెన్సు చేతికొచ్చింది.

"మిగిలిన 36 అడుగులు ఎట్ల వచ్చినయిరా?" అని అడిగాను ఆ సాయంత్రం.

"ముందర అరుగు కలిపిన బావా."

ఆ అరుగు మోరీ మీద కట్టింది. ఇన్‌స్పెక్టర్ గారు దానిమీదే నిలబడి చాయ్ తాగి పోయారు.