మూడో బ్యాచ్‌కు మార్కులు పెరిగాయి!

కిందటేడాది పాతికమందికి ఆఫర్ లెటర్లిస్తే చేరింది పదకొండుమందే. మిగతావాళ్లు ఈలోగా పెద్ద కంపెనీల్లో కుదురుకున్నారు. మూడొందలమంది పనిచేసే ఆ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థకు అది గట్టి దెబ్బే. అందుకే ఈసారి హెచ్ఆర్ మేనేజర్ నగరంలోని కాలేజీలను పక్కనపెట్టి భీమవరం వైపు చూసింది.

మెయిల్‌కు జవాబు రాకపోవడంతో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసింది.

''జీతమెంత మేడమ్? బాండ్ ఉందా?''

''ఏడాదికి మూడున్నర లక్షలండీ. బాండ్ లేదు.''

''అయితే మొదటివారం ఇవ్వలేం. పెద్ద కంపెనీలు వెళ్లాక రండి.''

ఆమెకు కావలసిందీ అదే. చాలా కాలేజీల్లో ఒక ఉద్యోగం వచ్చినవాళ్లను, జీతం బాగా ఎక్కువైతే తప్ప, మరో డ్రైవ్‌కు కూర్చోనివ్వరు. ఇంకా ఆఫర్ రానివాళ్లను ఎంచుకుంటే చేరేవాళ్లు ఎక్కువ. ఫలానా కంపెనీ కంటే ముందే వెళ్లామన్న గొప్ప తప్ప, తొందరపడి సాధించేది తక్కువే! మార్కులు 60 శాతం, బ్యాక్‌లాగులు ఉండకూడదు... ఆమె పెట్టిన షరతులు ఇవే.

పేర్లిచ్చినవాళ్లు 180 మంది. ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు అరవై. మూడు బ్యాచ్‌లు చేశారు. ప్రశ్నపత్రం ఒక్కటే, ముప్ఫై ప్రశ్నలు. అక్కడే పొరపాటు జరిగింది.

మొదటి బ్యాచ్ సగటు పద్నాలుగు, రెండోది పదిహేను. మూడోది ఏకంగా ఇరవైరెండు! రోల్ నంబర్ల ప్రకారం విడదీశారు కాబట్టి, చివర్లో మంచి బ్రాంచి వాళ్లే పడ్డారేమోనని చూసింది. అలాంటిదేం లేదు. తర్వాత ఒక్కో ప్రశ్ననూ విడిగా చూసింది. మొదటి రెండు బ్యాచ్‌ల్లో పదిమంది కూడా రాయలేని పైపులు-తొట్టి లెక్కను మూడో బ్యాచ్‌లో నలభైమందికి పైగా సరిగ్గా చేశారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్రశ్నలు చేతులు మారాయన్నమాట.

సాయంత్రం ఆరింటికి రైలు. వదిలేద్దామా అంటే ఉదయం నిజాయతీగా రాసినవాళ్లు ఇంటర్వ్యూదాకా రారు. ఆమె రైలు వదులుకుంది. సంచిలోని రెండో ప్రశ్నపత్రంతో మూడో బ్యాచ్‌కు మళ్లీ పరీక్ష పెట్టింది.

''నేనెవర్నీ అడగలేదు మేడమ్. నాకెందుకు మళ్లీ?'' ఓ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

''నువ్వు చేసుంటే మళ్లీ చేస్తావు నాన్నా. కూర్చో.''

ఈసారి ఆ బ్యాచ్ సగటు పదమూడు. ఆ అబ్బాయికి మాత్రం మొదటిసారి ఇరవైనాలుగు, రెండోసారి ఇరవైమూడు.

మర్నాడు టెక్నికల్ ఇంటర్వ్యూలకు నలభై ఇద్దరు వచ్చారు. సొంత ప్రాజెక్టులో తాను రాసిన భాగమేదో చెప్పమంటే సగంమంది తడబడ్డారు. చివరికి పద్దెనిమిదిమందికి ఆఫర్లిచ్చారు. కంపెనీకి కావలసింది పదిహేనుమంది, ముగ్గురు రారేమోనన్న లెక్క.

ఆఫర్ అందుకుంటూ ఆ అబ్బాయి అడిగాడు, ''చేరే తేదీ మారదు కదా మేడమ్? నాన్నకు చెప్పాలి.''

ఆమె లెటర్ మీద తేదీ కింద పెన్నుతో గీత గీసి ఇచ్చింది.