మూడు ఫొటోల్లో ఏ సూటు?

అమెరికాలో ఎమ్మెస్ ముగించి ఉద్యోగాల వేటలో పడ్డ మన పిల్లలకు ఇంటర్వ్యూ ఖాయమైతే చాలు, అద్దం ముందు నిలబడి రెండు మూడు జతల్లో ఫొటోలు తీసుకుని ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. ఏది బాగుందో చెప్పమంటారు. హైదరాబాద్ నుంచి పిన్ని, డాలస్ నుంచి బావ క్షణాల్లో ఓటేస్తారు. ముఖానికి నప్పిన రంగే చాలాసార్లు గెలుస్తుంది. నన్నడిగితే, ఆ ఫొటోలను మనం తలకిందులుగా చదువుతున్నాం. దుస్తులు ఒంటికి కుదిరాయా, రంగు తగినదేనా, వెళ్లే చోటికి సరిపడా ఫార్మల్‌గా ఉన్నాయా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఫొటోని నమ్మదగింది మొదటిదానికే. రంగు విషయంలో అది తరచూ బొంకుతుంది. మూడోదానికి జవాబు అందులో అసలు ఉండనే ఉండదు.

షార్లెట్‌లోని ఒక బ్యాంకులో డేటా అనలిస్టు ఉద్యోగానికి ఓ కుర్రాడు స్వయంగా వెళ్లి ఇంటర్వ్యూ ఇవ్వాలనుకుందాం. మొదటి ఫొటోలో అక్క పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిన నల్ల సూటు, రెండోదాంట్లో సేల్‌లో కొన్న నేవీ బ్లూ సూటు, మూడోదాంట్లో లేత నీలం చొక్కా, ఖాకీ ప్యాంటు. గ్రూపు ఓటు నల్ల సూటుకే పడుతుంది. కానీ ఫొటోని కాస్త పెద్దది చేసి భుజం దగ్గర చూడండి. చెయ్యి అతికిన కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. ఇక్కడ అది వేలెడు కిందకి జారింది, దాని కింద గుడ్డ సొట్టపోయింది. చదువుల్లో కుర్రాడు చిక్కిపోయాడన్నమాట. పై బొత్తం పెడితే అక్కణ్ణుంచి ముడతలు గుణకారం గుర్తులా నాలుగు వైపులా లాగితే కోటు బిగుతు. అమ్మాయిల బ్లేజర్‌కీ ఇదే పరీక్ష. నేవీ సూటు భుజాలు సరిగ్గా ఉన్నాయి గానీ చేతులు బొటనవేలి మొదలుదాకా వచ్చాయి. ఇది చిన్న లోపం. చొక్కా కఫ్ అరంగుళం బయటికి కనిపించేలా చేతులు కుదించడం ఆల్టరేషన్ చేసే ఏ టైలర్‌కైనా అలవాటైన పనే. భుజాలు మార్చాలంటే మాత్రం కోటుని దాదాపు విప్పి కుట్టాలి. ఆ ఖర్చుతో ఇంకో కోటు కొనుక్కోవడమే నయం కావచ్చు. ఫొటోలో మొదట భుజాన్నే చూడమనడం అందుకే.

ఇక రంగు. ఫోను కెమెరా గదిలోని వెలుగుని బట్టి రంగులను తనంతట తానే సరిచేస్తుంది. అయినా ఆ సవరణ గురి తప్పొచ్చు, పసుపు బల్బు కింద నేవీ బ్లూ నల్లగా తేలొచ్చు. అందుకే రెండో ఫొటో చూసి రెండూ నల్ల సూట్లేగా అన్నవాళ్లుంటారు. పగటిపూట కిటికీ పక్కన, చేతిలో తెల్ల కాగితం పట్టుకుని తీస్తే తెలిసిపోతుంది: కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే ఆ ఫొటోలో రంగుల మీద తీర్పు చెప్పకూడదు. అలా తీసి చూస్తే నేవీ రంగు తేటపడుతుంది, నల్ల సూటు కాలరు మడతకి వేసిన శాటిన్ మెరుపూ బయటపడుతుంది. ఆ మెరుపు విందులకి పనికొస్తుంది, బ్యాంకు గదిలో కాదు.

మిగిలిన ప్రశ్నకి జవాబు ఆ సంస్థ చెప్పాలి. ఈ రోజుల్లో సూటెవరు వేస్తున్నారండీ అనేవారి మాటలో నిజం లేకపోలేదు. జేపీ మోర్గాన్ 2016లో, గోల్డ్‌మన్ శాక్స్ 2019లో దుస్తుల నియమాలు సడలించాయి. అయితే ఆ సడలింపు లోపల పనిచేసేవాళ్లకి. ఇంటర్వ్యూకి వచ్చినవాడికీ అదే వర్తిస్తుందో లేదో రిక్రూటర్‌కి ఒక్క మెయిల్ రాస్తే తేలిపోతుంది. జవాబు రాకపోతే బ్యాంకుకి నేవీ సూటే క్షేమం. గదిలో అందరూ మామూలు చొక్కాల్లో ఉంటే టై తీసి జేబులో పెట్టుకోవచ్చు. చొక్కాతో వెళ్లినవాడు కోటు ఎక్కడినుంచి తెస్తాడు? అదే కుర్రాడికి చిన్న స్టార్టప్ నుంచి పిలుపొస్తే నేను మూడో ఫొటోకే ఓటేస్తాను.

పనితనం చూసి ఉద్యోగమిస్తారు గానీ భుజం కుట్టు చూసి కాదు కదా అని ఇంకో అభ్యంతరం. ఒప్పుకుంటాను, బట్టలు ఎవరికీ ఉద్యోగం తెచ్చిపెట్టవు. కానీ ఇంటర్వ్యూ చాలావరకు కూర్చుని సాగేది. నిలబడితే కుదిరినట్టున్న కోటు కూర్చోగానే మెడ వెనక పైకి లేస్తే, ప్రశ్న వింటూ దాన్ని కిందకి లాక్కుంటూ ఉండాలి. ఆ లాగుడు ఎదుటివాళ్లకీ కనిపిస్తుంది, అడిగినదాని మీద ఇతగాడి ధ్యాసనీ చెడగొడుతుంది. కాబట్టి గ్రూపులో పెట్టాల్సిన ఫొటోలు ఇంకో రెండున్నాయి. ఒకటి బొత్తాలు విప్పి కుర్చీలో కూర్చున్నది, పక్కనుంచి ఎవరిచేతనైనా తీయించింది. రెండోది వెనకనుంచి. కొత్త కోటు వెనక చీలికని పట్టి ఉంచడానికి వేసిన ఇంటూ గుర్తు దారం ఇంకా తెంపలేదేమో అందులో చూడాలి. అద్దం ముందు తీసుకున్న ఫొటోలో అది పడదు.