సారు, చారు

ఇంట్లో పాత జోకు ఒకటుంది. భోజనాల దగ్గర అమ్మ "చారు వెయ్యనా?" అంటే నాన్న "ఏ సారు?" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు నవ్వడం మానేసి విసుక్కోవడం మొదలుపెట్టాను. ఫోన్‌లో రెండోసారి చెప్పాల్సివస్తే "ఏం లేదులే" అని పెట్టేసేవాణ్ణి. నా మాట ఆయనకి లెక్కలేదనుకున్నాను.

నాన్న ఇరవై రెండేళ్ళు మిల్లులో షటిల్ మగ్గాల మీద పనిచేశాడు. పోయినేడాది బలవంతంగా ఆడియోమెట్రీకి తీసుకెళ్ళాను. గాజు తలుపు గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఎంత చిన్న శబ్దం దాకా వినగలడో చూశారు. కాగితం మీద గీత 1000 హెర్ట్జ్ దాకా దాదాపు తిన్నగా వచ్చింది. 4000 దగ్గర 65 డెసిబెల్స్‌కి జారిపోయి, 8000 దగ్గర కొంచెం పైకి లేచింది. వయసు వల్ల వచ్చే చెవుడైతే గీత కిందికే పోతూ ఉంటుందట. 4000 దగ్గర గుంట పడి మళ్ళీ లేచిందంటే ముందు అనుమానించాల్సింది శబ్దాన్నే అన్నారు ఆడియాలజిస్ట్.

అచ్చులు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. స, చ, త లాంటి హల్లుల్ని విడదీసి చెప్పేది పైనున్న ఫ్రీక్వెన్సీలు. అంటే నాన్నకి మేం మాట్లాడుతున్నామని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. గట్టిగా అరిచినా అచ్చులే పెద్దవవుతాయి. చారు సారు అవడంలో పరధ్యానం ఏమీ లేదు.

షటిల్‌ని కర్ర కొట్టి అటునుంచి ఇటు విసిరే మగ్గాలు వరసగా ఆడుతుంటే, షెడ్డులో 100 డెసిబెల్స్ దాకా ఉండటం మామూలే. మన ఫ్యాక్టరీల నమూనా నిబంధనల ప్రకారం 90 దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 5 డెసిబెల్స్‌కీ టైము సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర రెండు గంటలు. కానీ శబ్దశక్తి ప్రతి 3 డెసిబెల్స్‌కే రెట్టింపవుతుంది. అందుకని అమెరికాలోని నియోష్ సంస్థ 85 దగ్గర మొదలుపెట్టి, ప్రతి 3కీ సగం చెయ్యమంటుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. నాన్న షిఫ్టు ఎనిమిది గంటలు.

ఇంటికొచ్చాక ట్రంకుపెట్టెలో మిల్లువాళ్ళిచ్చిన పాత చీటీలు రెండు దొరికాయి. పరిహారం అడగడానికి పనికొస్తాయనుకున్నాను. మొదటిది 1996 నాటిది, 4000 దగ్గర 35. రెండోది 2004, అక్కడా 35. పక్కన "మార్పు లేదు" అని రాసి సంతకం. ఒక నిమిషం నేనూ నమ్మాను.

తర్వాత టైము చూశాను. మొదటి చీటీ మీద మధ్యాహ్నం 2.20 అని ఉంది. ఏ షిఫ్టు దిగేది రెండింటికి. రెండోదాని మీద పొద్దున 5.40. "అది సోమవారం రా, డ్యూటీ ఎక్కక ముందు" అన్నాడు నాన్న. "ఆదివారం సెలవు కదా, సోమవారం పొద్దున చెవులు బాగానే ఉండేవి. షిఫ్టు దిగితే దూది కుక్కినట్టుండేది."

ఆ దూది కుక్కినట్టుండటాన్నే తాత్కాలికంగా వినికిడి తగ్గడం అంటారు. మొదట్లో కొన్ని గంటల విశ్రాంతితో సర్దుకుంటుంది, అదే రోజూ జరుగుతుంటే కొంత మిగిలిపోతుంది. అందుకే బేస్‌లైన్ పరీక్షకి ముందు 14 గంటలు మిల్లు శబ్దం సోకకూడదని అమెరికా నిబంధన. మన నమూనా నిబంధనలేమో పనిలో చేరిన 14 రోజుల్లోపు ఒకసారి, తర్వాత ఏటా చెయ్యమంటాయి. నాన్న చేరింది 1989లో.

అంటే 1996 నాటి 35లో కొంత ఆ రోజు షిఫ్టుదే అయ్యుండొచ్చు. 2004 నాటి 35 మాత్రం విశ్రాంతి తీసుకున్న చెవిది, పూర్తిగా ఆయనదే. ఆ మధ్యలో పోయింది ఏదైనా ఉంటే, బేస్‌లైన్‌లోని ఆ తప్పు దాన్ని మింగేసింది. నేను రోజూ చేసే పనిలోనూ ఇంతే: మొదటి స్నాప్‌షాట్ చెడిపోయిందైతే ఆ తర్వాత డిఫ్ ఎంత ఖాళీగా వచ్చినా దానికి అర్థం లేదు.

ప్లగ్గులు ఇవ్వలేదా అనడిగాను. ఇచ్చారట. కానీ మగ్గం శబ్దం మారితే ఎక్కడో తేడా వచ్చిందని తెలిసేది చెవితోనే, అందుకని మధ్యమధ్యలో తీసేవాళ్ళట. నిబంధన తప్పించుకోవడానికి కాదు, గుడ్డ పాడవకుండా ఉండటానికి. ఎనిమిది గంటల్లో ఒక్క గంట తీసేస్తే, 25 డెసిబెల్స్ ఆపే ప్లగ్గు కూడా మొత్తమ్మీద 9 ఆపినట్టే లెక్క.

చీటీల మీది టైములు చూపిస్తూ అర్జీ రాశాను. ఏమవుతుందో చూడాలి. ఈలోగా భోజనాల దగ్గర కుర్చీ మార్చుకుని నాన్నకి ఎదురుగా కూర్చుంటున్నాను, పెదాలు కనపడేలా. నిన్న అమ్మ గిన్నె పైకెత్తి చూపించి "చారు" అంది. నాన్న కంచం ముందుకి జరిపాడు.