చేదబావి అర్జీ

ముప్పై మూడేళ్లు పిల్లల చేత సెలవు చీటీలు రాయించాను. పైన కుడివైపు తేదీ వేయకపోతే ఒక మార్కు కోసేదాన్ని. అలాంటిదాన్ని, కలెక్టరు గారికి ఒక్క ఉత్తరం రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. బావి ఎవరు తవ్వించారో, నేను కొత్తగా ఈ ఊరొచ్చినప్పుడు ఎవరు నాకు బిందె ఎత్తారో, నీళ్లెంత తియ్యనో అన్నీ రాశాను. చదువుకుంటే బాగానే ఉంది. కలెక్టరు గారు చేయాల్సిన పనేమిటో మాత్రం ఎక్కడా లేదు. పిల్లలు రాసుంటే ‘విషయం ఏది?’ అని ఎర్రసిరాతో చుట్టేదాన్ని.

మర్నాడు దర్జీ టేపు పట్టుకుని వెళ్లాను. బొక్కెనలో రాయి వేసి అడుగు తగిలేదాకా దించి, తాడు తడిసినమేర కొలిచాను. నీళ్లు 4 మీటర్లు, బావి అడ్డం 3 మీటర్లు. తూర్పువైపు గట్టు కూలింది, చుట్టూ గచ్చు పగిలింది. ఆ పగులుకి మురికికాలవ 6 మీటర్ల దూరంలోనే ఉంది. మురుగుకీ బావికీ కనీసం 15 మీటర్ల ఎడం ఉండాలని పాఠం చెప్పినదాన్నే, ఇన్నేళ్లూ అక్కడే నిలబడి నీళ్లు తోడాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒకటిన్నరను ఒకటిన్నరతో, దాన్ని 3.14తో, మళ్లీ 4తో గుణిస్తే సుమారు 28 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు 70 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, తేటను రాత్రిపూట బావిలో పోసి, కనీసం గంట ఆగాలి. మావాళ్లు పొద్దున్నే, జనం తోడుకునే వేళకి, దోసెడు విసిరేసి పోతారు. అయినా పక్కనుంచి మురుగు దిగుతుంటే ఎంత పౌడరు వేసి ఏం లాభం? రేపటి వానకి మళ్లీ మొదటికే. అందుకే అర్జీలో పౌడరు అడగలేదు. గట్టు కట్టించమని, గచ్చు వేయించమని, కాలవ మళ్లించమని, నీళ్లు పరీక్ష చేయించమని రాశాను. అరపేజీలో సరిపోయింది.

సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. దానికి ముందు, బావి నీళ్లు తాగేవాళ్ల సంతకాలు కావాలి. పక్కింటి వదినకి చదివి వినిపించాను. మొత్తం విని, పెన్ను పట్టుకోకుండానే అంది:

“టీచరమ్మా, నాలుగు మీటర్లంటే ఇయ్యాల్టి మాట గదా. ఎండాకాలంల బొక్కెన అడుగు గీరుతది. ఇది ఎప్పటి లెక్కని అడిగితే ఏం జెప్తవ్?”

కాగితం పైన కుడివైపు చూశాను. ఖాళీ.