“బానే ఉంది” అంటే ఏంటి?

8 వారాల ఇంటర్న్‌షిప్‌లో 4వ వారం. మెంటర్‌ని కాఫీ మెషీన్ దగ్గర పట్టుకుని, “సర్, నేను బాగానే చేస్తున్నానా?” అని అడిగా. “ఆ, బానే ఉంది” అని కప్పు తీసుకుని వెళ్లిపోయారు. ఆ ప్రశ్నకి ఇంకేం చెప్తారు పాపం! నేను అడిగింది ఫీడ్‌బ్యాక్ కాదు, ధైర్యం చెప్పమని.

సీట్‌కొచ్చి నా పాత పుల్ రిక్వెస్టులు తెరిచా. ఒకటి 900 లైన్లు, రివ్యూకి 4 రోజులు పట్టింది. అప్పుడు మెసేజ్ పెట్టా: “సర్, రేపు 10 నిమిషాలు కావాలి. లాగిన్ పేజీ పుల్ రిక్వెస్ట్ ఎలా ఇచ్చుంటే మీకు రివ్యూ తేలికయ్యేది? మిగిలిన 4 వారాల్లో నేను ముందు ఏది మార్చుకోవాలి?” మొదట్లో “సారీ సర్”, చివర్లో “తప్పుగా అనుకోకండి” అని కూడా రాశా. రెండూ చెరిపేశాకే పంపా.

మర్నాడు ఆయన లాప్‌టాప్ నావైపు తిప్పారు. ఫైళ్ల పేర్లు మార్చడం, కొత్త కోడ్ రెండూ ఒకే దాంట్లో కలిపేశా. అసలు మార్పేదో వెతుక్కోవాల్సిందే. “వీటిని విడగొట్టు. ఇంకోటి, ఇరుక్కుంటే రెండ్రోజులు మౌనంగా కూర్చోకు. గంట చూసి అడుగు.”

రెండోది గుచ్చుకుంది, నిజం కాబట్టి. “అదేంటంటే సర్...” అని నోటిదాకా వచ్చింది. మింగేసి నోట్‌బుక్‌లో రాసుకున్నా.

తర్వాతి పుల్ రిక్వెస్ట్ 120 లైన్లు. అదే సాయంత్రం రివ్యూ వచ్చింది, 5 కామెంట్లతో.