కొల్లేరు విస్తీర్ణం ఎంత?

కైకలూరుకు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రాజెక్టు పనికి పిల్లలు ఇంటర్నెట్‌లోంచి సమాచారం తెచ్చుకుంటున్నారు. దాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడం ఆ రోజు పాఠం. ప్రాజెక్టు కొల్లేరు మీద.

టీచరు బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాశారు. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎందుకు రాశారు? ఆ సంగతి వాళ్లకెలా తెలుసు? ఇంకెవరైనా అదే చెబుతున్నారా? ఇలాంటి పట్టికల్లో బాగా పేరున్నది అమెరికాలో చికో యూనివర్సిటీ లైబ్రరీ 2004లో తయారుచేసింది. దాంట్లో ప్రశ్నలు చాలా ఎక్కువ. పీరియడ్ నలభై ఐదు నిమిషాలే కాబట్టి టీచరు ఐదుకు కుదించుకున్నారు.

ఒక జట్టు సరస్సు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లని రాసింది. పక్క జట్టు 901 అని రాసింది. రెండు జట్లూ తమ వెబ్‌సైటుకు ఐదు ప్రశ్నలకూ టిక్కులు పెట్టేశాయి. నాకు పాఠం ఇక్కడే మొదలైందనిపించింది.

“ఎవరు రాశారో ఎలా తెలిసిందమ్మా?” అని టీచరు అడిగారు. “చివర `.org` ఉంది టీచర్, అంటే సంస్థ వాళ్లది” అంది ఒక అమ్మాయి. `.org` పేరు డబ్బు కట్టి ఎవరైనా తీసుకోవచ్చనీ, `.gov.in` మాత్రం ప్రభుత్వానికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరనీ టీచరు చెప్పారు. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు పేజీ అడుగున ఉన్న సంవత్సరాన్ని చూపించారు పిల్లలు. చాలా సైట్లలో ఆ అంకె జనవరి రాగానే దానంతటదే మారిపోతుంది. పైనున్న వ్యాసం పదేళ్ల నాటిదైనా కావచ్చు. తేదీ వెతకాల్సింది శీర్షిక దగ్గర. అక్కడ లేకపోతే, వ్యాసం ఏ ఏడాది సంఘటనల దగ్గర ఆగిపోయిందో చూడాలి.

పట్టికతో వచ్చే అసలు చిక్కు అదే. పేజీలోనే కూర్చుని జవాబులు వెతికితే, తన గురించి తాను చెప్పుకున్నదే దొరుకుతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ప్రచురించిన అధ్యయనం దీని గురించే. వాళ్లు చరిత్ర ప్రొఫెసర్లకూ, విద్యార్థులకూ, పత్రికల్లో నిజానిజాలు సరిచూసేవాళ్లకూ తెలియని సైట్లు చూపించారు. ప్రొఫెసర్లలో, విద్యార్థుల్లో చాలామంది పేజీని పైనుంచి కిందికి చదివి, దాని రూపం చూసి మోసపోయారు. సరిచూసేవాళ్లు వెంటనే ఆ పేజీ వదిలి, పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు.

టీచరు రెండో విడత చేయించింది అదే. కంప్యూటర్లో ఇలా కొట్టమన్నారు:

```
Kolleru area site:gov.in
```

దీనికి ప్రభుత్వ సైట్లు మాత్రమే వస్తాయి. 901 రాసిన జట్టు అదే అంకె ఇంకో మూడు సైట్లలో ఉందని గట్టిగా నిలబడింది. ఆ మూడు పేజీలనూ పక్కపక్కన పెడితే వాక్యం ఒక్కటే, కామాలతో సహా. అంటే సాక్షులు ముగ్గురు కాదు, ఒక్కరే. దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే రామ్‌సర్ ఒప్పందం వాళ్ల జాబితా తేలింది. 2002లో కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా చేర్చినప్పుడు రాసిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు. మరి 308? అది 1999లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యానిది.

“అంటే ఐదో కాంటూరు టీచర్!” అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి. చేపల చెరువులున్న ఇళ్లలో ఆ మాట తెలియని పిల్లలుండరు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు అభయారణ్యం. ఆ గీత లోపలున్న చెరువులనే 2006లో కొట్టేశారు. దాన్ని మూడో కాంటూరుకు తగ్గించమని శాసనసభ 2008లో తీర్మానం కూడా చేసింది. అందుకే మూడో ప్రశ్న ఇక్కడ లాంఛనం కాదు. సరస్సు చిన్నదని చెబితే లాభపడేవాళ్లున్నారు, పెద్దదని చెప్పాల్సినవాళ్లూ ఉన్నారు. ఈ మాట టీచరు ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పారు. ఆ గదిలో రెండు వైపుల ఇళ్ల పిల్లలూ ఉన్నారు మరి.

రెండు అంకెలూ నిజమే, కొలిచిన వస్తువులు వేరు. నా లెక్కన ‘ఈ అంకె దేన్ని కొలిచింది?’ అనేది ఆరో ప్రశ్నగా బోర్డెక్కాలి. మంచి సైటు ఎంచుకోవడం నేర్పే పట్టికలో దానికి చోటుండదు. నమ్మదగిన సైటులో ఉన్న అంకెను కూడా తప్పు చోట పెట్టవచ్చు.

రెండు జట్లూ కలిసి షీటు మీద ఇలా రాశాయి: ‘అభయారణ్యం (1999, ఐదో కాంటూరు వరకు) 308 చ.కి.మీ.; రామ్‌సర్ ప్రాంతం (2002) 901 చ.కి.మీ.’ పక్కన సైటు పేరు, చూసిన తేదీ. “మరి ఇప్పుడు నీళ్లెంత మేర ఉన్నాయి టీచర్?” అని అడిగింది ఇందాకటి అమ్మాయి. ఆ రెండు అంకెల్లో ఏదీ దానికి జవాబు కాదని, ఉపగ్రహ చిత్రాలు చూడాలని, చూసిన నెల కూడా రాయాలని టీచరు అన్నారు. వేసవిలో ఉన్న నీరు వేరు, వానాకాలంలో వేరు. షీటులో ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన ‘వెతకాలి’ అని రాసుకున్నారు పిల్లలు.